పాదహస్తాసనం వీడియో: “నడుము వంచండి” అంటే అందరూ వీపు వంచుతున్నారు, సూచన ఎలా మార్చాలి?

పాలకొండల_నీడ (కడప)

అందరికీ నమస్కారం. మా వీధిలో ఒక మేడ మీద ఉదయం ఐదున్నరకు యోగా నేర్పిస్తాను. రాలేనివాళ్ల కోసం పన్నెండు నిమిషాల వీడియో ఒకటి తీయాలనుకున్నాను. అందులో తాడాసనం, పాదహస్తాసనం, త్రికోణాసనం, చివర శవాసనం ఉంటాయి. మా వాళ్ల పిల్లలు కొందరు బయటి రాష్ట్రాల్లో పెరిగారు, వాళ్లకు తెలుగు సరిగా అందదు. అందుకని ఇంగ్లీషులోనూ చెప్పాలి. నేను శిక్షణ పొందింది ఇంగ్లీషులోనే. ముందు ఇంగ్లీషులో రాసుకుని దాన్ని తెలుగులోకి మార్చాను.

ఆదివారం మా మేనత్త మీద పరీక్షించాను. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు, ఎప్పుడూ యోగా చేయలేదు. బొమ్మ చూడకుండా మాటలు మాత్రమే వినాలని ఫోను బోర్లా పెట్టాను. పాదహస్తాసనానికి నేను రాసింది ఇది:

“పాదాలు దగ్గరగా పెట్టి నిలబడండి. ఊపిరి పీల్చి చేతులు పైకి ఎత్తండి. ఊపిరి వదిలి నడుము వంచండి. చేతులతో నేలను తాకండి. ఆపండి. వదలండి.”

అత్త బుగ్గలు ఉబ్బేదాకా గాలి పీల్చి, నోరు మూసి, అప్పుడు చేతులు ఎత్తింది. ఊపిరంతా వదిలేసి, ఇక గాలి లేని స్థితిలో వంగింది. వంగినప్పుడు వీపు గూనిలా గుండ్రమైంది. “ఆపండి” అనగానే ఊపిరి ఆపేసింది. నేను ఊపిరినే వదలమన్నాను, ఆమె ఆసనాన్ని వదిలేసి ఒక్కసారిగా నిటారుగా లేచి, తూలి, కిటికీ ఊచ పట్టుకుంది. ఒక్క నిమిషంలో ఇన్ని జరిగాయి. తప్పు ఆమెది కాదు, నా మాటలదే. ఎక్కడెక్కడ మార్చాలో చెప్పగలరా?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

అమ్మా, ఫోను బోర్లా పెట్టి పరీక్షించడం చాలా మంచి పని. నేను ఇరవై రెండేళ్లు ఫిజియోథెరపీ చేసి, ఇప్పుడు ఇంటి దగ్గర పెద్దవాళ్లకు ఆసనాలు నేర్పుతున్నాను. మీ అత్తగారు మీరు చెప్పింది చెప్పినట్టే చేశారు.

మీరు “పీల్చి ఎత్తండి” అన్నారు. తెలుగులో “అన్నం తిని పడుకో” అంటే తినడం పూర్తయ్యాకే పడుకోవడం. “పీల్చి” అంటే పీల్చడం అయిపోవాలి, ఆ తరువాతే ఎత్తాలి. మీకు కావలసింది రెండూ కలిసి సాగడం, అంటే “పీలుస్తూ ఎత్తండి”. అలాగే “వదిలి వంచండి” కాదు, “వదులుతూ వంగండి”. ఇంగ్లీషులో “ఇన్‌హేల్, లిఫ్ట్” అని రెండు మాటలు పక్కపక్కన పడేస్తే ఏది ముందో, రెండూ కలిసేనో అందులో ఉండదు. చూసేవాళ్లు టీచరును చూసి తెలుసుకుంటారు. మన క్రియలో అది తేలిపోతుంది కాబట్టి సరైన రూపం ఎంచుకోకపోతే తప్పే పలుకుతుంది.

రెండోది కాలం. కొత్తవాళ్ల ఊపిరి మూడు నాలుగు అంకెలకు మించి సాగదు. మీరు “ఊపిరి వదులుతూ తొడల దగ్గర మడిచి ముందుకు వంగి చేతులు కిందికి తీసుకురండి” అని చెప్పేసరికి వాళ్ల గాలి అయిపోతుంది, పైగా అసలు క్రియ చివర వస్తుంది. కాబట్టి చేయబోయేది ముందే చెప్పండి: “ఇప్పుడు ఊపిరి వదులుతూ ముందుకు వంగబోతున్నాం.” ఒక క్షణం ఆగండి. తరువాత చిన్న మాట మాత్రం: “వదులుతూ... వంగండి.” వివరణ ఊపిరి మొదలవకముందే ముగియాలి.

ఆదోని_మాస్టారు (ఆదోని)

ఆసనాలకు సంస్కృత పేర్లున్నప్పుడు శరీర భాగాలకూ అవే వాడితే ఈ గందరగోళం ఉండదు. కటి, ఊరువు, జాను, గుల్ఫం అంటే ఏ ప్రాంతం వారికైనా ఒకటే అర్థం. నడుము అనేది స్పష్టత లేని మాట. ఇంకొకటి: వంగేటప్పుడు వదలాలి, లేచేటప్పుడు పీల్చాలి. ఆసనంలో నిలిచినప్పుడు ఊపిరి బిగబట్టాలి, అప్పుడే ఫలితం. నేను నలభై ఏళ్లుగా అలాగే చేస్తున్నాను.

పాలకొండల_నీడ (కడప)

మాస్టారుగారూ, వదలడం, పీల్చడం గురించి మీరన్నది సరిగ్గా నేను పాటించేదే. కానీ “గుల్ఫం” అంటే మా అత్త నన్నే అడుగుతుంది, అది ఎక్కడుందని. చీలమండ అంటే చూపిస్తుంది.

నా అసలు చిక్కు నడుము దగ్గరే. ఇంగ్లీషులో నేర్చుకున్నది “హిప్స్” దగ్గర మడవమని. దానికి “తుంటి” అని రాసి చూశాను. “తుంటి దగ్గర వంగండి” అనగానే ఒకామె చేయి నడుము పక్కకు వేసి పక్కకు ఒరిగింది. తుంటి ఎముక విరగడం అందరూ విన్న మాటే, కానీ అది ఎక్కడ మడుస్తుందో ఎవరికీ తెలియడం లేదు.

పొద్దుటూరు_సరోజ (ప్రొద్దుటూరు)

అక్కా, నాది వేరే సంగతి. నాకు బీపీ మాత్ర ఉంది, ఉదయమే వేసుకుంటాను. నిరుడు ఇలాంటి వీడియో చూసి ముందుకు వంగి లేస్తే కళ్లు చీకట్లు కమ్మాయి. మంచం దగ్గరుంది కాబట్టి కూర్చున్నాను. ఆ వీడియోలో జాగ్రత్తలు చివర రాశారు, నేను అప్పటికే వంగి లేచాను. నేను ఈ ఆసనం చేయవచ్చా, మానేయాలా?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

సరోజగారూ, కొన్ని రకాల బీపీ మందుల మీద ఉన్నవాళ్లకు తల కిందికి వంచి గబుక్కున లేస్తే తల తిరగడం మామూలే. నేలను తాకే ప్రయత్నం వద్దు. కుర్చీ ముందు నిలబడి అరచేతులు కుర్చీ మీద ఆనేంత వరకే వంగండి, అప్పుడు తల గుండె కంటే బాగా కిందికి దిగదు. లేచేటప్పుడు చేతులు తొడల మీద పెట్టి సగంలో ఆగండి, ఒక ఊపిరి పీల్చి వదిలాక పూర్తిగా లేవండి. మళ్లీ కళ్లు చీకట్లు కమ్మితే ఆసనం మాని, ఆ సంగతి మీ డాక్టరుకు చెప్పండి. గ్లకోమా ఉన్నవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, గర్భిణులు, వెన్నుపూస జారినవాళ్లు దీన్ని మానేయడమే మంచిది. పాలకొండలగారూ, ఈ మాట మీ వీడియోలో ఆసనానికి ముందే రావాలి. సరోజగారి అనుభవమే అందుకు కారణం.

ఇక మడిచే చోటు. తుంటి కీలు పక్కన ఉందని చాలామంది అనుకోవడానికి కారణం ఉంది. నడుముకు కాస్త కింద, పక్కన చేతికి గట్టిగా తగిలేది తొడ ఎముక పైభాగం. కీలు అక్కడ లేదు, లోపల, ముందువైపు, తొడ మొదట్లో ఉంది. దానికి మనకు “గజ్జ” అనే సరైన మాటే ఉంది. కానీ పది మందిలో, అందులోనూ వీడియోలో, ఆడవాళ్లకు ఆ మాట చెప్పడానికి, వినడానికి ఇబ్బంది. నేను ఇలా చెబుతాను: “కుర్చీలో కూర్చుంటే తొడ మొదట్లో బట్ట అడ్డంగా మడత పడుతుంది కదా, అక్కడ వంగండి.” అది చీర అయినా ప్యాంటు అయినా పంచె అయినా అదే చోటు.

వీడియోలో దీన్ని చేతులతో చూపించండి. అరచేతుల అంచులను ఆ మడత మీద అడ్డంగా పెట్టి వంగమనండి. సరిగా వంగితే తొడకూ పొట్టకూ మధ్య ఆ అంచులు నలుగుతాయి. వీపు వంచితే చేతుల మీద ఒత్తిడే ఉండదు, కంటితో చూడక్కర్లేదు, చేతికే తెలుస్తుంది. మొదటిసారి చేసేవాళ్లను గోడకు వీపు చూపి, గోడ నుంచి ఒక పాదం పొడవు ముందుకు నిలబెట్టండి. “పిరుదులతో గోడను వెతకండి” అంటే వాళ్లంతట వాళ్లే సరిగా మడుస్తారు.

మోకాళ్లు కాస్త సడలించమనడం మరిచిపోవద్దు. తొడ వెనక కండరం, కూర్చున్నప్పుడు నేలకు ఒత్తుకునే ఎముక దగ్గర మొదలై మోకాలు దాటి కిందికి వస్తుంది. మోకాలు బిగిస్తే అది పైనా కిందా లాగబడి, కటి ముందుకు తిరగదు. అప్పుడు మిగిలింది వీపే కాబట్టి అదే వంగుతుంది. మోకాలు రెండు అంగుళాలు సడలిస్తే చాలామందికి ఆ లాగుడు పోతుంది.

ధర్మవరం_మగ్గం (ధర్మవరం)

నమస్కారం. నడుము నొప్పికి మంచి ఆసనం అడుగుతున్నారని చదువుతూ వచ్చాను. నేను గుంత మగ్గం మీద నేస్తాను. కాళ్లు గుంతలో, చేతులు ముందుకు, రోజంతా ముందుకే వంగి ఉంటాను. ఈ పాదహస్తాసనం చేస్తే నా నొప్పి తగ్గుతుందా?

పాలకొండల_నీడ (కడప)

అన్నా, ఇక్కడ చర్చ వీడియో మాటల గురించి. కానీ మీ ప్రశ్నకు కూడా జవాబు దొరికితే మంచిదే.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

అన్నా, మగ్గం దగ్గర మీరు వంగేది వీపుతోనే. మళ్లీ అదే దిశలో వంగే ఆసనంతో మొదలుపెట్టవద్దు. నొప్పి కాలిలోకి దిగుతున్నా, కాలు తిమ్మిరెక్కుతున్నా ముందు డాక్టరును చూడండి. అలా లేకపోతే నేత మధ్యలో లేచి నిలబడి, అరచేతులు నడుము వెనక పెట్టి, ఊపిరి పీలుస్తూ ఛాతీ పైకెత్తి, కాస్త వెనక్కి వాలడం మేలు. మిమ్మల్ని చూడకుండా నేను ఇంతకంటే చెప్పలేను.

పాలకొండలగారూ, ఈయన ప్రశ్న మీకు పనికొస్తుంది. బట్ట మడత పడే చోటు కూర్చునే పనివాళ్లకు బాగా తెలుసు, అయినా వాళ్ల వీపు అలవాటుగా గుండ్రమవుతుంది. బూజు కర్ర ఒకటి వీపు మీద నిలువుగా పెట్టి చూపించండి. తల వెనక, రెక్కల మధ్య, పిరుదుల మధ్య ఎముక దగ్గర, ఈ మూడు చోట్లా కర్ర తగులుతూ ఉన్నంతసేపు వంగడం సరైనది. ఒక చోట వదిలిందంటే అక్కడికి ఆగాలి. కర్ర వదిలే చోటు ఒక్కొక్కరికి ఒక్కో ఎత్తులో వస్తుంది. నేల దాకా వెళ్లడం లక్ష్యం కాదు.

అనంత_ఉపశీర్షిక (అనంతపురం, ప్రస్తుతం బెంగళూరు)

నేను వీడియోలకు ఉపశీర్షికలు, డబ్బింగ్ చేస్తాను. రెండు భాషలూ ఒకే వీడియోలో వరుసగా చెప్పకండి. తెలుగులో చెప్పి, మళ్లీ ఇంగ్లీషులో చెబితే ఒక్క ఊపిరి సమయానికి రెండు సూచనలు వస్తాయి. చూసేవాళ్లు మొదటి మాటకే పీల్చి, రెండో మాట దాకా బిగబడతారు. బొమ్మ ఒకటే తీసి, మాటలు విడిగా రెండుసార్లు రికార్డు చేయండి. బొమ్మను తెలుగు మాటల నిడివికి తీయండి, నా అనుభవంలో ఇంగ్లీషు మాటలు దానికంటే పొట్టిగా వస్తాయి. మిగిలిన సమయం మౌనంగా ఉంటే ఊపిరికే మేలు.

ఇంగ్లీషు మాటల్లోనూ మీ అత్తగారి చిక్కులే ఉన్నాయి. “హోల్డ్” అంటే పిల్లలు కూడా ఊపిరి బిగబడతారు, “స్టే” అనండి. “రిలీజ్” అనేది సరిగ్గా మన “వదలండి” లాంటిదే, ఊపిరా ఆసనమా తెలియదు. తెలుగులో “చేయి” భుజం నుంచి వేళ్ల దాకా. ఇంగ్లీషులో “హ్యాండ్” మణికట్టు దాకానే, మొత్తం చేయి “ఆర్మ్”. మీరు ఎత్తమనేది “ఆర్మ్స్”. “కాలు” కూడా అంతే, నిలబడేటప్పుడు “కాళ్లు దగ్గరగా” అంటే కొందరు మోకాళ్లు, తొడలు కూడా ఒత్తుకుంటారు. మీరు ఇప్పటికే “పాదాలు” అన్నారు, అది అలాగే ఉంచండి. “హిప్” మాటకు మన దగ్గర దర్జీ కొలిచేది పిరుదుల చుట్టుకొలత. కాబట్టి ఇంగ్లీషు వీడియోలో కూడా ఆ మాట ఒక్కటే నమ్ముకోకుండా అరచేతులు మడత మీద పెట్టి చూపించాలి.

ఆదోని_మాస్టారు (ఆదోని)

“ఆపండి” అనే మాట వదిలేయడం నాకు సమ్మతం కాదు. కుంభకం లేని ఆసనం వ్యాయామం అవుతుంది.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

మాస్టారుగారూ, కుంభకం ప్రాణాయామంలో భాగం, గురువు ఎదుట క్రమంగా నేర్చుకునేది. వీడియో ముందున్న కొత్త మనిషికి బీపీ ఉందో లేదో మనకు తెలియదు. తల కిందికి ఉండగా ఊపిరి బిగబడితే ముఖం ఎర్రబడి, కళ్లు, మెడనరాలు ఉబ్బుతాయి. మీరు నలభై ఏళ్లుగా చేస్తున్నారు, మీ శరీరం మీకు తెలుసు. పాలకొండలగారి వీడియోలో మాత్రం “అలాగే ఉండండి, ఊపిరి ఆడనివ్వండి” అని ఉండాలని నా మాట.

ఆదోని_మాస్టారు (ఆదోని)

కొత్తవాళ్ల వరకు ఒప్పుకుంటాను. పాతవాళ్లకు కాదు. అది వేరే వీడియో.

పాలకొండల_నీడ (కడప)

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి మళ్లీ రాశాను. పాదహస్తాసనం ఇలా ఉంది:

“బీపీ మందు వేసుకునేవారు, తల తిరిగేవారు కుర్చీని ముందు పెట్టుకోండి. గ్లకోమా, హెర్నియా, వెన్నుపూస సమస్య ఉన్నవారు, గర్భిణులు దీన్ని వదిలి తరువాతి ఆసనానికి వెళ్లండి.

పాదాలు పక్కపక్కన, మధ్యలో రెండు అంగుళాల సందు. మోకాళ్లు సడలించండి. ఇప్పుడు ఊపిరి పీలుస్తూ రెండు చేతులూ పైకి ఎత్తబోతున్నాం. పీలుస్తూ... ఎత్తండి.

కూర్చుంటే బట్ట మడత పడే చోటు గుర్తుంది కదా. ఊపిరి వదులుతూ అక్కడి నుంచి ముందుకు వంగబోతున్నాం. వీపు పొడుగ్గానే ఉంటుంది. ఊపిరి వదులుతూ... వంగండి.

చేతులు ఎక్కడ ఆనితే అక్కడే, పిక్కల మీదైనా, కుర్చీ మీదైనా. అలాగే ఉండండి. ఊపిరి మామూలుగా రానివ్వండి, పోనివ్వండి. రెండుసార్లు.

ఇప్పుడు లేవబోతున్నాం. చేతులు తొడల మీదికి. పీలుస్తూ... సగం లేవండి. ఒక ఊపిరి ఆగండి. పీలుస్తూ... పూర్తిగా లేవండి.”

అరచేతుల అంచుల సాధన దీనికి ముందు విడిగా ఒక నిమిషం పెట్టాను. “వదలండి” అనే మాటను ఒంటరిగా ఎక్కడా వాడలేదు, ఎప్పుడూ “ఊపిరి” తోడుగా ఉంటుంది.

ఫోను మళ్లీ బోర్లా పెట్టి అత్తతో చేయించాను. చేతులు ఊపిరితోపాటే లేచాయి. బట్ట మడత మాట వినగానే ముందు తన చేత్తో ఆ చోటు తడుముకుని, అక్కడే వంగింది. నేను పక్క నుంచి చీర కట్టు చూశాను. మొన్న కట్టు నేలకు సమంగానే ఉండి, దాని పైన వీపు గుండ్రమైంది. ఈసారి వెనక భాగం పైకి లేచి, కట్టు ముందుకు వాలింది. చేతులు మోకాళ్ల దాకానే వచ్చాయి, అక్కడే ఆగింది. “ఒక ఊపిరి ఆగండి” దగ్గర మాత్రం మళ్లీ ఊపిరి బిగబట్టింది. “ఆగండి” అనే మాటే తీసేయాలేమో.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

తీసేయండి. “సగం లేవండి. అక్కడే ఒకసారి వదలండి, పీల్చండి” అనవద్దు, మళ్లీ వదలడం వస్తుంది. “సగంలో ఉండి ఒకసారి ఊపిరి తీసుకోండి, పంపేయండి” అంటే నా దగ్గర పెద్దవాళ్లకు సరిపోయింది. చీర కట్టు వాలడం చూడటం చక్కగా ఉంది, నేను ప్యాంటు బెల్టును అలాగే చూస్తాను.

పొద్దుటూరు_సరోజ (ప్రొద్దుటూరు)

ఈ రోజు కుర్చీతో చేశాను. కళ్లు చీకట్లు కమ్మలేదు. లేచేటప్పుడు సగంలో ఉండటం నాకు మేలు చేసింది. డాక్టరును వచ్చే వారం కలుస్తాను, అప్పుడు దీని గురించి అడుగుతాను.

అనంత_ఉపశీర్షిక (అనంతపురం, ప్రస్తుతం బెంగళూరు)

తరువాత త్రికోణాసనం కదా. అక్కడ కుడి ఎడమల సంగతి తేల్చుకున్నారా? మీరు కెమెరాకు ఎదురుగా నిలబడి “కుడి చేయి” అని మీ కుడి చేయి ఎత్తితే, చూసేవాళ్లు అద్దంలో చూసినట్టు ఎడమ చేయి ఎత్తుతారు. “మీ కుడి” అంటూ మీరు ఎడమ ఎత్తాలని నా అభిప్రాయం.

ఆదోని_మాస్టారు (ఆదోని)

గురువు మాట ఒకటి, చేత ఒకటి కాకూడదు. వెనక్కి తిరిగి నిలబడి చేయండి.

పాలకొండల_నీడ (కడప)

వెనక్కి తిరిగితే ఛాతీ కనబడదు, ఊపిరి ఎలా తీస్తున్నానో వాళ్లకు తెలియదు. రేపు రెండు రకాలుగానూ తీసి, ఈసారి ఫోను బోర్లా కాకుండా నిలబెట్టి అత్తకు చూపిస్తాను. ఏ చేయి లేస్తుందో రాస్తాను.